బండలో లేని రాయి

వాష్‌బేసిన్ కోసం గుండ్రంగా కన్నం కోసిన గ్రానైట్ బండను ఇద్దరు మోసుకెళ్తుంటే ఎప్పుడైనా చూశావురా? కన్నం సాధారణంగా ఒక పక్కకి ఉంటుంది. ఆ పక్కన పట్టుకున్నవాడు కబుర్లు చెబుతూ నడుస్తాడు, రెండోవాడికి మాట పెగలదు. తేడా ఎంత అని మేస్త్రీని అడిగితే, "కాస్త ఉంటుందిలెండి" అంటాడు. ఆ కాస్త ఎంతో ఈ పూట లెక్కకట్టేద్దాం, కాగితం పట్రా.

బండ పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 60, మందం 2 అనుకుందాం. కన్నం వ్యాసార్ధం 21. దాని మధ్యబిందువు ఎడమ అంచు నుంచి 85 సెంటీమీటర్ల దూరంలో, వెడల్పుకి సరిగ్గా సగంలో ఉంది. ఆ సగం గీతకి రెండు వైపులా బండ ఒకే తీరుగా ఉంది కదా, అందుకని గురుత్వ కేంద్రం ఆ గీత మీదే ఉండి తీరాలి. అక్కడికి సగం పని అయిపోయింది. ఇక తేల్చాల్సింది ఎడమ నుంచి ఎంత దూరంలో ఉందన్నదే.

మిగిలిన రాయి ఆకారం చూస్తే భయమేస్తుంది. ఒకవైపు పెద్ద పలక, ఇంకోవైపు చిన్న పలక, మధ్యలో పైనా కిందా వంపు తిరిగిన ముక్కలు. వాటిని విడివిడిగా కొలుస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. కాబట్టి మిగిలిన దాన్ని వదిలెయ్. మనకి బాగా తెలిసినవి రెండే: కొయ్యక ముందున్న నిండు బండ, కోసి పక్కన పడేసిన గుండ్రటి బిళ్ళ. నిండు బండ కేంద్రం 60 దగ్గర, బిళ్ళ కేంద్రం 85 దగ్గర.

కావడి మోసేవాణ్ణి తలుచుకో. ఒక బుట్ట బరువైతే భుజాన్ని ఆ బుట్ట వైపు జరుపుకుంటాడు. రెండు వైపులా బరువునీ దూరాన్నీ గుణిస్తే వచ్చేది సమానం కావాలి, లేకపోతే కావడి ఒరుగుతుంది. ఆ గుణకారాన్నే మీ పుస్తకంలో భ్రామకం అంటారు. ఇప్పుడు బిళ్ళను మళ్ళీ కన్నంలో అమర్చామనుకో. మిగిలిన రాయి భ్రామకమూ, బిళ్ళ భ్రామకమూ కలిస్తే నిండు బండ భ్రామకం అవ్వాలి. ఇందులో మైనస్ ఎక్కడా లేదు చూడు. బిళ్ళ సంగతిని సమీకరణంలో అవతలి పక్కకి పంపినప్పుడే దానికి మైనస్ తగులుకుంటుంది. ఋణ వైశాల్యం అంటే అంతే, మైనస్ రాయి అంటూ ఏ క్వారీలోనూ దొరకదు!

బండ అంతటా ఒకే మందం, ఒకే రాయి కాబట్టి బరువుకి బదులు వైశాల్యం వాడొచ్చు. నిండు బండ 120 × 60 = 7200. బిళ్ళ, 22/7 తో గుణిస్తే, 1386. మిగిలింది 5814 చదరపు సెంటీమీటర్లు. ఇక భ్రామకాలు:

7200 × 60 − 1386 × 85 = 432000 − 117810 = 314190

దీన్ని 5814 తో భాగిస్తే 54.04. అంటే గురుత్వ కేంద్రం 60 నుంచి దాదాపు 6 సెంటీమీటర్లు ఎడమకి, కన్నానికి దూరంగా జరిగింది.

పరీక్షల్లో పిల్లలు జారిపడేది ఇక్కడే. పైన బిళ్ళను తీసేస్తారు, కింద తీసేయడం మరిచిపోయి 7200 తో భాగిస్తారు. అప్పుడు 43.6 వస్తుంది. చూడ్డానికి అదీ ఎడమకే జరిగింది కదా, తప్పని ఎలా పట్టుకుంటావు? దానికో పరీక్ష ఉంది. బిళ్ళ కేంద్రం 60 నుంచి 25 దూరంలో ఉంది, 1386 × 25 చేస్తే 34650. మిగిలిన రాయి వైశాల్యాన్ని అది జరిగిన దూరంతో గుణించినా అంతే రావాలి. 5814 × 5.96 సుమారుగా అంతే. 43.6 అయితే జరిగిన దూరం 16.4, లబ్ధం 95 వేలు దాటిపోతుంది. ఇంకొందరు మైనస్ బదులు ప్లస్ పెట్టి 64 తెచ్చుకుంటారు. దానికి ఏ పరీక్షా అక్కర్లేదు. రాయి తీసేసిన వైపుకి కేంద్రం జరుగుతుందా ఎక్కడైనా?

కొలతను ఎడమ అంచు నుంచి కాకుండా బండ నడిమధ్య నుంచి మొదలుపెడితే లెక్క ఇంకా చిన్నదవుతుంది, నిండు బండ భ్రామకం సున్నా అయిపోతుంది కనక. కానీ జాగ్రత్త. కన్నం ఎడమ వైపుంటే దాని దూరానికీ ఒక మైనస్, వైశాల్యానికీ ఒక మైనస్. రెండూ కలిసి ప్లస్ అయి కేంద్రం కుడికి పోతుంది. వాటిలో ఒకదాన్ని మింగేస్తే జవాబు తిరగబడుతుంది.

ఈ కిటుకు ఇప్పటిది కాదురా. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ సమతల పటాల సమతౌల్యం మీద రాసిన గ్రంథంలో దీన్ని నిరూపించాడు. ఒక ముక్క తీసేస్తే, మిగిలిన దాని కేంద్రం, ముక్క కేంద్రాన్నీ మొత్తం కేంద్రాన్నీ కలిపే సరళరేఖ మీద అవతలి వైపుకి జరుగుతుందనీ, ఎంత జరిగేదీ ఆ రెండు భాగాల నిష్పత్తి చెబుతుందనీ. మనం చేసిన పరీక్ష ఆయనదే. ఆయన మైనస్ గుర్తు వాడలేదు, నిష్పత్తులతోనే నెట్టుకొచ్చాడు.

సరే, మోసేవాళ్ళ దగ్గరికి వద్దాం. గ్రానైట్ ఘన సెంటీమీటరుకి సుమారు 2.7 గ్రాములు. మిగిలిన రాయి బరువు 31.4 కిలోలు. రెండు చివర్లా పట్టుకుంటే కుడివాడి మీద 14.1 కిలోలు, ఎడమవాడి మీద 17.3 కిలోలు పడతాయి. మేస్త్రీ చెప్పిన కాస్త విలువ మూడు కిలోల పైచిలుకు. బండను పడుకోబెట్టి మోసినా, అంచు మీద నిలబెట్టి మోసినా ఈ పంపకం మారదు. అయినా తెలిసినవాళ్ళు నిలబెట్టే మోస్తారు. కన్నం పైనా కిందా మిగిలింది తొమ్మిదేసి సెంటీమీటర్ల పట్టీలే. పడుకోబెట్టి మోస్తే అక్కడే పటుక్కుమనొచ్చు. గురుత్వ కేంద్రం బరువు ఎటు మొగ్గుతుందో చెబుతుంది గానీ, రాయి ఎక్కడ విరుగుతుందో చెప్పదు.

కన్నంలో 9 కిలోల పింగాణీ బేసిన్ బిగించామనుకో. పింగాణీ వేరే పదార్థం కాబట్టి ఇక వైశాల్యాలు పనికిరావు, కిలోలే వాడాలి. కోసేసిన బిళ్ళ బరువు ఏడున్నర కిలోలు. బేసిన్ ఆ లోటు పూడ్చి, పైన ఇంకో కిలోన్నర తెచ్చింది. లెక్కగడితే కేంద్రం 60.9 దగ్గర తేలుతుంది, అంటే నడిమధ్యని దాటి కుడికి వచ్చేసింది. సరిగ్గా ఏడున్నర కిలోల బేసిన్ అయితే బండకి కన్నం పడ్డట్టే తెలియదు.

నమ్మకం కుదరకపోతే మందపాటి అట్ట తీసుకుని నాలుగో వంతుకి తగ్గించు. పొడవు 30, వెడల్పు 15, కన్నం వ్యాసార్ధం 5.25, దాని మధ్య ఎడమ నుంచి 21.25 సెంటీమీటర్లు. స్కేలును అంచు మీద నిలబెట్టి దాని మీద అట్టను అడ్డంగా పెట్టి జరుపుతూ పో. 13.5 దగ్గర నిలవాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే కత్తెరని అను, లెక్కని అనకు. తర్వాత ఇంకో అట్టలో అదే కన్నం మధ్యని 17.5 దగ్గరికి తెచ్చి కొయ్యి. ఇప్పుడు కేంద్రం 14.4 దగ్గర ఉండాలి, కన్నమేమో 12.25 దగ్గరే మొదలైపోతోంది. అంటే కేంద్రం గాలిలో ఉంది. స్కేలు మీద అట్ట నిలుస్తుంది, పైనా కిందా అట్ట ఆనుతుంది కనక. వేలి మీద మాత్రం నిలబెట్టలేవు, అక్కడ వేలికి ఆనడానికి అట్టే లేదు. కన్నానికి అడ్డంగా పల్చటి కాగితం బిగువుగా అంటించి, 14.4 దగ్గర వేలు పెట్టి చూడు.