చిన్న హోటల్ నెలవారీ సమీక్షలో చూడాల్సిన అంకెలు

చిన్న హోటల్‌లో నెలవారీ సమీక్ష తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే: గడిచిన నెలలో ఉన్న గదుల మీద యజమాని చేతికి నికరంగా ఎంత మిగిలింది? ఎన్ని గదులు నిండాయన్నది ఈ ప్రశ్నకు సగం జవాబు మాత్రమే. గదులు బాగా నిండిన నెలలో డబ్బు తక్కువ మిగలడం హోటళ్లలో తరచూ జరిగేదే.

సమావేశానికి ప్రతి నెలా 5 నుంచి 8వ తేదీ లోపు అనువైన సమయం. అప్పటికి బుకింగ్ సైట్ల లెక్కలు, లాండ్రీ బిల్లు చేతికొస్తాయి. నెలనెలా రిటర్న్ వేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. కాబట్టి లెక్కలో తప్పు దొరికితే దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. యజమాని, మేనేజర్, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, అకౌంటెంట్ కూర్చుంటే చాలు, గంటలో పని అయిపోతుంది.

మొదట చూడాల్సింది గత సమావేశం నిర్ణయాలు. ఎవరు ఏం చేస్తామన్నారు, ఎంతవరకు చేశారు అన్నది అయిదు నిమిషాల్లో తేలాలి. ఆ తర్వాత గదుల లెక్క.

రాజమహేంద్రవరంలో 24 గదుల హోటల్ ఒకటి ఉందనుకుందాం. 30 రోజుల నవంబరులో అమ్మకానికి ఉన్నవి 720 రూమ్ నైట్లు. మరమ్మతులో ఉన్న గదిని ఈ లెక్కలోంచి తీసేయకూడదు. తీసేస్తే ఆక్యుపెన్సీ పెరిగినట్టు కనిపిస్తుందే తప్ప, కుళాయి పాడై వారం మూతపడిన గది వల్ల వచ్చిన నష్టం కాగితం మీదికి రాదు. 2025 నవంబరులో ఈ హోటల్ 468 రూమ్ నైట్లు అమ్మింది, అంటే ఆక్యుపెన్సీ 65 శాతం. జీఎస్టీ కలపకుండా గదుల ఆదాయం 7,48,800 రూపాయలు. దాన్ని 468తో భాగిస్తే సగటు రేటు 1,600. అదే ఆదాయాన్ని మొత్తం 720తో భాగిస్తే 1,040 వస్తుంది. హోటల్ రంగంలో రెవ్‌పార్ అనేది దీన్నే. ఖాళీగా ఉన్న గదులను కూడా కలుపుకుని ఒక్కో గదికి ఒక రాత్రికి ఎంత వచ్చిందో ఇది చెబుతుంది.

పోలికకు అక్టోబరును తీసుకోకూడదు. పెళ్లి ముహూర్తాలు, సెలవులు నెలనెలా మారతాయి కాబట్టి నిరుటి అదే నెలతో పోల్చడం మేలు. ముహూర్తాలు అటూ ఇటూ జరిగిన ఏడాదిలో ఆ తేడానూ గుర్తు పెట్టుకోవాలి. మన హోటల్‌లో 2024 నవంబరులో 504 రూమ్ నైట్లు అమ్ముడయ్యాయి. ఆక్యుపెన్సీ 70 శాతం, సగటు రేటు 1,450, రెవ్‌పార్ 1,015. నిరుటితో పోలిస్తే గదులు తక్కువ నిండినా రెవ్‌పార్ 25 రూపాయలు పెరిగింది. చాలా సమీక్షలు ఇక్కడే సంతోషంగా ముగుస్తాయి. అసలు చర్చ మొదలవ్వాల్సింది మాత్రం ఇక్కడి నుంచే.

ఆ గదులు ఎటునుంచి అమ్ముడయ్యాయో విడదీయాలి. నిరుడు ఆన్‌లైన్ బుకింగ్ సైట్ల ద్వారా వచ్చినవి 126 రూమ్ నైట్లు, సగటున 1,550 రూపాయల చొప్పున. ఈ ఏడాది అవి 234కు పెరిగాయి, సగటు రేటు 1,700. నేరుగా వచ్చినవారు, ఫోన్ చేసినవారు కలిసి మిగతా 234, వారి సగటు రేటు 1,500. కమీషన్ 20 శాతం అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి గది రేటులో 23.6 శాతం సైటుకే పోతుంది. 1,700 రూపాయల గది మీద యజమానికి దక్కేది 1,299. నేరుగా వచ్చిన అతిథి ఇచ్చే 1,500 దానికంటే 201 రూపాయలు ఎక్కువ. సైటు ద్వారా కూడా 1,500 మిగలాలంటే అక్కడ రేటు 1,963 పెట్టాలి.

పన్ను మార్పు ఈ తేడాను ఇంకా పెంచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అతిథికి ఇది లాభమే. అయితే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకునే వీలు పోయింది. నిరుడు కమీషన్ మీద కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొచ్చేది. ఇప్పుడది నేరుగా ఖర్చే.

ఇక నికర లెక్క. నిరుడు 7,30,800లోంచి కమీషన్ 39,060 పోతే 6,91,740 మిగిలింది, రోజుకు ఒక్కో గదికి 961 రూపాయలు. ఈ ఏడాది కమీషన్, దాని పన్ను కలిపి 93,881 పోగా మిగిలింది 6,54,919, అంటే 910 రూపాయలు. పైకి 25 పెరిగిందనుకున్న చోట నిజానికి 51 తగ్గింది. సమీక్ష కాగితం మీద అన్నిటికంటే పైన రాయాల్సిన అంకె ఈ 910.

అలాగని బుకింగ్ సైట్లను తీసేయడం తెలివైన పని కాదు. మంగళ, బుధవారాల్లో ఖాళీగా పడి ఉండే గదికి 1,299 వచ్చినా లాభమే. ఎందుకంటే ఒక గది అదనంగా నిండితే అయ్యే లాండ్రీ, కరెంటు, సబ్బుల ఖర్చు అందులో కొంత భాగమే. నష్టం జరిగేది ముహూర్తాల రోజుల్లో. ఎలాగూ 24 గదులూ నిండే రోజున 15 గదులను ముందే సైట్లకు వదిలేసి, ఫోన్ చేసినవారికి లేవని చెప్పడమే అసలు పొరపాటు. అందుకే నెల మొత్తాన్నే కాక తేదీలవారీ షీటును కూడా బల్ల మీద పెట్టాలి. హోటల్ పూర్తిగా నిండిన తేదీల్లో సైట్ల వాటా ఎంతో చూడాలి. వచ్చే నెలలో అలాంటి తేదీలకు సైట్లలో నాలుగైదు గదులే ఉంచాలన్నది మేనేజర్ పేరున రాసుకోవాల్సిన నిర్ణయం. నేరుగా వచ్చేవారికి రేటు తగ్గించే ముందు మాత్రం, తక్కువ ధర బహిరంగంగా చూపకూడదన్న షరతు సైటుతో ఒప్పందంలో ఉందేమో చదివి చూడాలి.

గదుల లెక్క నిజమా కాదా అన్నది హౌస్‌కీపింగ్ చెప్పాలి. రిసెప్షన్ రిజిస్టర్‌లో 468 ఉండి, వాడిన గదులను శుభ్రం చేసిన చీటీల్లో 479 ఉంటే ఆ 11కు వివరణ కావాలి. ఉచితంగా ఇచ్చినవి, పగటిపూట మాత్రమే వాడినవి, మధ్యలో గది మార్చినవి తీసేశాక కూడా తేడా మిగిలితే, రాయకుండా అద్దెకిచ్చిన గదులున్నాయేమో విచారించాలి. లాండ్రీకి పంపిన దుప్పట్ల లెక్క దీనికి రెండో సాక్ష్యం.

ఖర్చుల్లో ప్రతి పద్దూ చర్చించనక్కర్లేదు. జీతాలు నెలనెలా పెద్దగా మారవు. కరెంటు మారుతుంది. బిల్లు తేదీ నెలతో సరిపోదు కాబట్టి 1వ తేదీ ఉదయం మీటర్ రీడింగ్ సొంతంగా రాసుకోవాలి. వాడిన యూనిట్లను అమ్మిన రూమ్ నైట్లతో భాగించాలి. ఈ హోటల్‌లో నిరుడు ఒక్కో గదికి 17 యూనిట్లయితే ఈసారి 20. మూడు యూనిట్ల తేడా 468 గదులకు 1,404 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలనుకున్నా 14 వేలు. గీజర్ థర్మోస్టాట్ పనిచేయకపోవడం, ఏసీ ఫిల్టర్లు మూసుకుపోవడం, అతిథి వెళ్లాక ఏసీ ఆపకపోవడం సాధారణంగా కనిపించే కారణాలు. ఖాళీ గదులను సాయంత్రం ఒకసారి తిరిగి చూస్తే మూడోది వెంటనే బయటపడుతుంది.

నగదు దగ్గర రెండు విషయాలు చాలు. అతిథుల నుంచి వసూలైన జీఎస్టీ, ఇక్కడ 37,440 రూపాయలు, యజమాని డబ్బు కాదు. పెళ్లివారు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు కూడా ఇంకా ఆదాయం కాదు. ఈ రెండూ బ్యాంకు నిల్వలోంచి తీసేశాక మిగిలినదే ఖర్చు పెట్టదగినది. కంపెనీల నుంచి 60 రోజులు దాటి రావాల్సిన బాకీలుంటే, ఎవరు ఎప్పుడు అడుగుతారో సమావేశంలోనే తేల్చాలి.

చివరి పావుగంట వచ్చే 90 రోజులకు. ముహూర్తాలు, పరీక్షలు, సెలవుల తేదీలకు ఇప్పటికే ఎన్ని గదులు బుక్ అయ్యాయో చూసి రేట్లు నిర్ణయించాలి. రాజమహేంద్రవరం హోటళ్లకు 2027 గోదావరి పుష్కరాల లాంటి సందర్భానికి 90 రోజులు సరిపోవు. మరమ్మతులు, దుప్పట్లు, అదనపు సిబ్బంది ఏర్పాట్లు ఏడాది ముందే సమీక్షలోకి రావాలి. నిర్ణయాలు నాలుగైదుకు మించకుండా, ఒక్కోదాని పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ రాసి సంతకాలు తీసుకోవాలి. ఆ కాగితమే వచ్చే నెల సమావేశంలో మొదటి అంశం.