ఇంటి దగ్గర రాసిన పరీక్ష: జవాబు ఎవరిదో ఎలా తెలుస్తుంది?



మీ సాయంతో రఘునాథపల్లిలో సాయంత్రం పూట చదువుకుంటున్న పదో తరగతి పిల్లలకు ఈ ఏడాది ఒక పరీక్షను ఇంటికి ఇచ్చి రాయించాం. ప్రశ్నపత్రంతో పాటు సార్ ఒక నోటీసు కూడా ఇచ్చారు. దాన్ని చూసిన కొందరు దాతలు మమ్మల్ని రెండు మాటలు అడిగారు. ఇంటి దగ్గర రాసిన దాన్ని ఎలా నమ్ముతారు? బడి పిల్లల పరీక్షలో నిజాయితీకి ఇంత పట్టింపు దేనికి? ఈ రెండింటికీ ఇక్కడ వివరంగా జవాబు చెబుతున్నాం. ముందు నోటీసు చదవండి.

"ఈ పరీక్షకు మూడు రోజులు గడువు. పుస్తకం చూడవచ్చు, పెద్దలను అడగవచ్చు, స్నేహితులతో మాట్లాడవచ్చు. అయితే ఏ పుస్తకం చూశారో, ఎవరిని ఏమి అడిగారో ఆ జవాబు కిందే రాయాలి. అలా రాసినందుకు మార్కులు తగ్గవు. చిత్తు కాగితం పారేయకుండా జవాబుపత్రానికి జత చేయాలి. పత్రాలు ఇచ్చాక ఒక్కొక్కరు నా దగ్గర కూర్చుని రెండు జవాబులను నోటితో వివరించాలి. సాయం తీసుకుని దాచిపెట్టిన జవాబుకు సున్నా. దానిని వారం లోపల మళ్లీ రాయాలి."

పరీక్ష హాల్లో కాపలా కళ్లతో ఉంటుంది. ఇంటి పరీక్షలో ఆ కాపలా ఉండదు కాబట్టి ప్రశ్నను తయారు చేసేటప్పుడే తనిఖీకి ఏర్పాటు జరగాలి. సార్ చేసింది అదే.

లెక్కలో దొరికే ఆనవాలు

ఉదాహరణకు ఒక లెక్క తీసుకుందాం. గుండ్రటి నీళ్ల ట్యాంకు వ్యాసం 2.8 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. అందులో ఎన్ని లీటర్లు పడతాయి? వ్యాసంలో సగం, అంటే 1.4 మీటర్లు వ్యాసార్ధం. 1.4ను 1.4తో గుణిస్తే 1.96. దాన్ని 22తో గుణిస్తే 43.12, ఏడుతో భాగిస్తే 6.16. ఎత్తు 2తో గుణిస్తే 12.32 ఘన మీటర్లు. ఒక ఘన మీటరుకు వెయ్యి లీటర్లు కాబట్టి జవాబు 12,320 లీటర్లు.

ఇదే లెక్కను సగం మందికి ఎత్తు 1.5 మీటర్లుగా మార్చి ఇస్తారు. వాళ్లకు రావలసింది 9,240 లీటర్లు. 1.5 మీటర్ల ప్రశ్న ఉన్న పిల్లవాడి కాగితం మీద 12,320 కనిపిస్తే అది ఇంకొకరి జవాబని వెంటనే తెలిసిపోతుంది. ఇది మొదటి జల్లెడ. తొందరపడి ఎత్తిరాసిన వాళ్లు మాత్రమే ఇందులో దొరుకుతారు.

రెండో జల్లెడ తప్పులను చూడటం. ఒప్పు జవాబులు అందరివీ ఒకేలా ఉంటాయి, వాటి నుంచి ఏమీ తెలియదు. తప్పులు మాత్రం రకరకాలుగా ఉంటాయి. అయితే ఒకే తప్పు ఇద్దరు చేసినంత మాత్రాన చూసి రాశారని అనలేం. వ్యాసార్ధం బదులు వ్యాసాన్నే వేసి 49,280 లీటర్లు అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. అది ఎవరికి వారే చేసే తప్పు. నలుగురు అలా రాస్తే నలుగురికీ ఆ పాఠం మళ్లీ చెప్పాలనే అర్థం. 

ఇప్పుడు ఇంకో రకం తప్పు చూడండి. ఒకే అంకెలు ఉన్న రెండు పత్రాల్లో 6.16 బదులు 6.61 అని ఉండి, ఇద్దరికీ జవాబు 13,220 లీటర్లు వచ్చిందనుకుందాం. ఇది పాఠం అర్థం కాక చేసిన తప్పు కాదు. అంకెలు తారుమారై వచ్చిన తప్పు. రెండు ఇళ్లలో ఇద్దరు పిల్లలు విడివిడిగా, అదే మెట్టు దగ్గర, అవే రెండు అంకెలను తారుమారు చేయడం చాలా అరుదు. ఇక్కడ అనుమానానికి కారణం ఉంది.

అప్పుడు చిత్తు కాగితం పనికి వస్తుంది. ఒకరి చిత్తులో 43.12ను ఏడుతో భాగించి 6.16 తెచ్చినట్టు ఉంటుంది. ఆ అంకె మంచి కాగితం మీదకు వచ్చేటప్పుడు 6.61 అయింది. రెండో వారి చిత్తులో భాగహారమే ఉండదు, 6.61 ఒక్కటే ఉంటుంది. అంటే తప్పు ఎక్కడ పుట్టిందో, ఎటు వెళ్లిందో కనిపిస్తోంది. చిత్తు కాగితం పారేయవద్దని నోటీసులో రాయడానికి కారణం ఇదే. అది లేకపోతే చేసినవారినీ చూసి రాసినవారినీ ఒకే గాటన కట్టి ఇద్దరికీ సున్నా వేయాల్సి వచ్చేది.

రాత జవాబులో చూసేది

రాత జవాబు వ్యవహారం వేరు. మన మండలంలోని ఖిలాషాపూర్ కోట గురించి రాయమని ఒక ప్రశ్న ఉంది. కోటలో నువ్వు చూసింది ఏది, పెద్దల దగ్గర విన్నది ఏది, చదివింది ఏది, వేరువేరుగా రాయమన్నారు. సర్వాయి పాపన్న 1708లో వరంగల్ మీద దాడి చేశాడనీ, 1710లో చంపబడ్డాడనీ ఏ పిల్లవాడైనా చదివి తెలుసుకోవాల్సిందే. అది తప్పు కాదు, చదివిన చోటు చెబితే చాలు. పైగా ఆ చోటు ఏదన్నది ఇక్కడ ముఖ్యం. మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పాపన్నను దోపిడీదారుగా రాశాడు. మన పల్లెల్లో పాడే కథల్లో ఆయన వీరుడు. ఎవరి మాట రాస్తున్నామో చెప్పకుండా రాస్తే చదివేవారికి సగమే తెలుస్తుంది.

ఎత్తిరాసిన వాక్యం భాషలోనే పట్టుబడుతుంది. మూడు వాక్యాలు ఇంట్లో మాట్లాడినట్టు సాగి, నాలుగోది హఠాత్తుగా గ్రాంథికంలోకి మారితే సార్ అక్కడ పెన్సిల్‌తో గీత పెడతారు. ఆ వాక్యంలోని ఏడెనిమిది మాటలను వరుసగా, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి నెట్‌లో వెతుకుతారు. యథాతథంగా దొరికితే మూలం తెలిసినట్టే. దొరకకపోతే మాత్రం సొంతమని తేలినట్టు కాదు. బజారులో అమ్మే గైడ్లు చాలావరకు నెట్‌లో ఉండవు. పైగా ఖిలాషాపూర్, ఖిలాషాపురం, షాపూర్ అని ఒకే ఊరిని పలు రకాలుగా రాస్తారు. ఒక్క అక్షరం మారినా, రెండు మాటలు సంధి కలిసినా వెతుకులాట తప్పిపోతుంది.

పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దాన్ని వాడవచ్చు కదా అని ఒక దాత అడిగారు. యూనివర్సిటీల్లో వాడుతున్నారు. పరిశోధన గ్రంథాల కోసం యూజీసీ 2018లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం పోలిక పది శాతం లోపల ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై శాతం వరకు ఉంటే ఆరు నెలలలోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మూలం చెప్పి ఉదహరించిన భాగాన్ని ఈ లెక్కలో కలపరు. అందరికీ తెలిసిన మాటలు వరుసగా పద్నాలుగు పదాల వరకు కలిసినా వదిలేస్తారు. అంటే ఆ నియమాలు కూడా పోలికను నేరుగా దొంగతనమని అనడం లేదు. మెషీన్ పోలికను మాత్రమే చూపగలదు. అది ఎలా వచ్చిందో మనిషి తేల్చాలి. మన పిల్లల చేతిరాత పత్రాలనైతే ముందు టైపు చేయాలి. అంత పని పెట్టుకోవడం కన్నా పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని అడగడం తేలిక.

చివరి తీర్పు మాటలోనే

అందుకే ఏ ఆనవాలు దొరికినా దాని మీదే సున్నా పడదు. పైన చెప్పినవన్నీ ఏ రెండు జవాబుల గురించి అడగాలో ఎంచుకోవడానికే. సార్ "చేశావా, చూసి రాశావా?" అని అడగరు. అలా అడిగితే భయపడే పిల్లలు నిజం చెప్పినా తడబడతారు. "43.12ను ఏడుతో ఎందుకు భాగించావు?" అని అడుగుతారు. లేదా ట్యాంకు ఎత్తును ఒక మీటరు చేసి మళ్లీ చేయమంటారు. లెక్క తెలిసిన పిల్ల 6.16 దగ్గర నుంచి మొదలుపెడుతుంది. తెలియని పిల్ల కాగితం వైపు చూస్తుంది. మాటల్లో తడబడే పిల్లలకు కాగితం మీద చేసి చూపించే అవకాశం ఉంటుంది. ఉర్దూలో చెబుతామంటే ఉర్దూలోనే వింటారు.

ఇద్దరు కలిసి చదువుకుని రాసిన సందర్భాలూ ఉంటాయి. జవాబు కింద "ఇద్దరం కలిసి చేశాం" అని ఉంటే 6.61 రెండు చోట్లా ఉన్నా ఇబ్బంది లేదు. ఇద్దరూ వివరించగలిగితే ఇద్దరికీ మార్కులు. ఒకే అంకెల తారుమారుకు అక్కడ సహజమైన కారణం ఉంది, దాన్ని వాళ్లు ముందే చెప్పారు.

నిజాయితీని ఎందుకు లెక్కలోకి తీసుకుంటున్నాం

ఈ పరీక్ష ర్యాంకుల కోసం పెట్టింది కాదు. ఎవరికి ఏ పాఠం మళ్లీ చెప్పాలో, ప్రత్యేక క్లాసులో ఎవరిని కూర్చోబెట్టాలో ఈ పత్రాలు చూసి నిర్ణయిస్తాం. ఆ క్లాసులో సీట్లు తక్కువ. ఘనపరిమాణం రాని పిల్ల చూసి రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంటే, మా జాబితాలో ఆమె పేరు ఎదురుగా "వచ్చు" అని పడుతుంది. ఆమెకు క్లాసు ఉండదు. బోర్డు పరీక్షలో అదే లెక్క వచ్చినప్పుడు గానీ సంగతి బయటపడదు.

ఇంకో కారణం ఇంతకన్నా పెద్దది. ఇంటి పరీక్షలో అన్ని ఇళ్లూ ఒకటి కాదు. ఒక ఇంట్లో ఇంజినీరింగ్ చదివే అన్న ఉంటాడు. ఇంకో ఇంట్లో అమ్మానాన్నలు బడి ముఖం చూడలేదు, పిల్లే మొదటగా పదో తరగతికి వచ్చింది. ఇద్దరికీ పన్నెండు మార్కులే వచ్చాయనుకోండి. పత్రాలు మాత్రమే చూస్తే ఇద్దరూ సమానం. ఒక పత్రంలో "మొదటి రెండు మెట్లు భాయ్‌జాన్ చెప్పాడు, మిగతాది నేను చేశాను" అనీ, ఇంకో దానిలో "ఎవరినీ అడగలేదు, పాఠ్యపుస్తకం చూశాను" అనీ ఉంటే అప్పుడు ఆ రెండు పన్నెండ్ల మధ్య తేడా తెలుస్తుంది. మొదటి పిల్లవాడిని మేం తక్కువ చేయడం లేదు. రెండో పిల్లకు అడగడానికి మనిషి కావాలని తెలుసుకుంటున్నాం. సాయం దాచిపెడితే నష్టపోయేది ఆ రెండో పిల్ల. ఆమె కష్టం ఇంకొకరి అన్న తెలివితో పోటీ పడి ఓడిపోతుంది.

అందుకే సాయం తీసుకోవడం తప్పు కాదని, దాచడం తప్పని నోటీసులో విడివిడిగా రాశారు. ఒక్క జవాబు దాచినందుకు ఎవరి స్కాలర్‌షిప్పూ ఆగదు. ఆ జవాబు మళ్లీ రాయాలి, అంతే. రెండోసారి జరిగితే తల్లిదండ్రులను పిలిచి మాట్లాడతాం. పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టం.

మీకు పంపే జాబితాలో ఇకపై మార్కుల పక్కన ఇంకో గడి ఉంటుంది. నోటితో వివరించగలిగిన జవాబులు ఎన్ని అనేది అందులో ఉంటుంది. మార్కులు ఎక్కువ ఉండి ఆ గడిలో అంకె తక్కువ ఉన్నా, మార్కులు తక్కువ ఉండి ఆ గడి నిండుగా ఉన్నా ఆశ్చర్యపోకండి. మీరు మా చేతికిచ్చిన అమానతును ఏ పిల్ల దగ్గరికి ముందు తీసుకుపోవాలో మేం ఆ రెండో గడి చూసే నిర్ణయిస్తున్నాం.