నిండిన సీటు మళ్లీ ఎందుకు ఖాళీ అవుతుంది?

పెద్ద హీరో సినిమా మొదటి రోజు. హాలు మ్యాప్‌లో మధ్య వరుస సీట్లన్నీ నిండినట్టు కనిపిస్తాయి. కొద్ది నిమిషాలాగి చూస్తే వాటిలో రెండు ఖాళీ! ఎవరో టికెట్లు రద్దు చేసుకున్నారనుకుంటాం. చాలాసార్లు అవి అసలు అమ్ముడుపోనే లేదు.

ఆన్‌లైన్ బుకింగ్‌లో సీటు ఖాళీగా ఉండొచ్చు, అమ్ముడై ఉండొచ్చు, లేదా ఒకరి కోసం తాత్కాలికంగా ఆపి ఉండొచ్చు. మీరు ఎఫ్ 12 ఎంచుకుని చెల్లింపు పేజీకి వెళ్లగానే సర్వర్ దాన్ని మీ కోసం ఆపుతుంది. 7:00కు ఆపిందనుకుందాం; పక్కనే గడువు 7:08 అని రాసుకుంటుంది. అదే క్షణంలో ఇంకొకరు నొక్కినా ఇద్దరికీ దక్కదు. సీటు ఖాళీయో కాదో చూడటం, ఆపడం రెండూ విడదీయలేని ఒకే అడుగులో జరిగిపోతాయి.

మీరు మనసు మార్చుకుని యాప్ మూసేసినా, ఫోన్ చార్జింగ్ అయిపోయినా సర్వర్‌కు ఆ కబురు అందకపోవచ్చు. అందుకే అది గడియారాన్నే నమ్ముతుంది. 7:08 దాటితే సీటు విడుదల.

చిక్కల్లా ఆలస్యంగా వచ్చే చెల్లింపుతోనే. 7:07కు యూపీఐ పిన్ కొట్టారు, బ్యాంకు జవాబు 7:09కి వచ్చింది. ఈలోగా సీటు వేరొకరు తీసుకుంటే మీ డబ్బు వాపసు చేయాల్సిందే. గడువు పెంచితే కొననివాళ్ల దగ్గర సీట్లు ఇరుక్కుపోతాయి. తగ్గిస్తే ఓటీపీ కోసం ఎదురుచూసేవాళ్లు నష్టపోతారు.

డబ్బు కట్ అయినా టికెట్ రాకపోతే, మళ్లీ కట్టే ముందు యాప్‌లో మీ పాత బుకింగులు ఒకసారి చూడండి.