నెలసరి పాఠం ఆరో తరగతిలోనే ఎందుకు?

ఆడపిల్లలకు మొదటి నెలసరి ఎక్కువగా పన్నెండు, పదమూడేళ్లకు వస్తుంది. తొమ్మిదో ఏటో పదో ఏటో వచ్చేవాళ్లూ ఉంటారు. కౌమారదశ పాఠం మాత్రం చాలాకాలంగా ఎనిమిదో తరగతి సైన్సులో ఉంటూ వచ్చింది. అప్పటికి తరగతిలో చాలామంది పెద్దమనుషులై ఉంటారు. అందుకే తల్లిదండ్రుల సమావేశంలో ఈ సంగతి ఎత్తే ఉపాధ్యాయురాలు మొదట చెప్పవలసింది పాఠం ఎప్పుడు జరగాలన్నదే. రక్తం చూసి పిల్ల బెదిరిపోకముందే, అంటే ఆరో తరగతిలోనే అది జరగాలి.

“ఇవన్నీ ఇంట్లో అమ్మ చెబుతుంది కదా టీచర్‌గారూ?” అని ఎవరో ఒకరు అడుగుతారు. అమ్మ చెబుతుంది, నిజమే. సమర్తనాడు చిమ్మిలి పెట్టి ప్రేమగానే చూసుకుంటుంది. కానీ ఇళ్లలో ఎక్కువగా వినపడేవి పచ్చడి జాడీ ముట్టుకోవద్దు, దేవుడి గదిలోకి వెళ్లొద్దు అన్న మాటలే. ఎంత రక్తం పోతే ఫర్వాలేదు, ఎప్పుడు డాక్టరుకు చూపించాలి అన్నది చాలామంది అమ్మలకే ఎవరూ చెప్పలేదు.

తరగతిలో ఇది నేర్పడానికి ఒక క్యాలెండర్ చాలు. ఒక పిల్లకు జూన్ 10న, జూలై 18న, ఆగస్టు 20న నెలసరి వచ్చిందనుకుందాం. మధ్య ఎడం ఒకసారి 38 రోజులు, ఇంకోసారి 33. ఇంట్లో కంగారు పడతారు గానీ ఇందులో జబ్బేమీ లేదు. మొదటి రెండు మూడేళ్లు అండం ప్రతి నెలా విడుదల కాదు, కాబట్టి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. అదే క్యాలెండర్‌లో రక్తస్రావం ఏడు రోజులు దాటినట్టు కనిపించినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, మూడు నెలలు అసలు రాకపోయినా డాక్టరుకు చూపించాలి.

దీన్ని తేలిగ్గా వదిలేయడానికి వీల్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తిండిలో ఇనుము తక్కువై, నెలనెలా రక్తం ఎక్కువగా పోతే పిల్ల నీరసపడుతుంది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది, పాఠం మీద మనసు నిలపలేదు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఇందుకే. కారణం తెలియని పిల్ల దాన్ని కిటికీలోంచి పారేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన ‘స్వేచ్ఛ’ పథకం కింద బడిలో ఉచితంగా ప్యాడ్లు ఇచ్చారు. ప్యాడ్ చేతికిస్తే సరిపోదు. రక్తం తక్కువగా ఉన్నా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలని, బట్ట వాడితే సబ్బుతో ఉతికి, చాటున కాకుండా ఎండలో ఆరేయాలని కూడా చెప్పాలి.

మగపిల్లలను బయటికి పంపి ఈ పాఠం చెప్పమని కొందరు తండ్రులు కోరతారు. ప్యాడ్ మార్చుకునే తీరు అమ్మాయిలకు విడిగా చూపించవచ్చు. శరీరంలో జరిగేదేమిటో మాత్రం అందరూ కలిసి వినాలి. గౌను మీద మరక చూసి నవ్వే అబ్బాయి వల్లే ఆ పిల్ల మర్నాడు బడి మానేస్తుంది.