మెరుపు కింద పోయిన అంకె

ల్యామినేట్ చేసిన టీసీని ట్యూబ్‌లైటు కింద పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తే మూడు చిక్కులు ఒకేసారి రావచ్చు. పేరు మీద తెల్లటి మెరుపు, కింది మూలన చేతి నీడ, పుట్టినతేదీ మీద ఊదారంగు ముద్ర. చూడ్డానికి మూడూ మరకల్లాగే ఉన్నా, వీటిలో బాగుచేయలేనిది ఒక్కటే.

అది మెరుపు. అక్కడ ప్రతి చుక్క వెలుగూ గరిష్ఠ విలువ 255కి చేరిపోతుంది కాబట్టి కింద అక్షరం ఉన్న ఆనవాలే మిగలదు. ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా కాగితాన్ని తిప్పి మళ్లీ తీయాల్సిందే.

నీడలో కాగితమూ సిరా రెండూ మసకబారతాయి గానీ వాటి మధ్య తేడా ఉంటుంది. వెలుగు పెంచితే అక్షరాలు తేలతాయి.

ముద్ర కింద ఉన్నది 3 అా, 8 అా? రంగు ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలుంటాయి. నీలం పొరను మాత్రమే చూస్తే ఊదా సిరా పలచబడుతుంది, నల్లటి అంకె నల్లగానే నిలుస్తుంది. ముద్ర కూడా నలుపైతే ఈ కిటుకు పనిచేయదు. స్కానర్ యాప్ ఫొటోను ముందే నలుపు తెలుపుగా మార్చేసినా అంతే.