మే నెలలో సయించని అన్నం, ఆగస్టులో సయించని అన్నం

మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో కంచం ముందు కూర్చున్న మనిషి రెండు ముద్దలు ఆవకాయ కలుపుకుని తిని, మజ్జిగ పోసుకుని లేచిపోతాడు. ‘ఏమీ సయించడం లేదు’ అంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు బలవంతంగా ఇంకాస్త వడ్డించబోతారు. అతని కడుపులో చెడిందేమీ లేదు. ఆ వేడికి తక్కువ తినాలని శరీరమే నిర్ణయించుకుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడగానే ఆకలి తిరిగొస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే వీధివీధినా వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కాలం మారింది, అరుగుదల తగ్గింది అని రెండింటికీ ఒకే మాట చెప్పుకుంటాం. కానీ రెండింటి కారణాలూ వేరు.

ముందు ఎండాకాలం సంగతి. తిన్నది అరిగించుకోవడానికీ, ఒంటికి పట్టించుకోవడానికీ శరీరం కొంత పని చేయాలి. ఆ పనిలో వేడి పుడుతుంది. అన్నం, పప్పు, కూర కలిసిన మామూలు భోజనంలో ఉన్న శక్తిలో దాదాపు పదో వంతు ఇలా వేడిగా మారుతుంది. 800 కేలరీల భోజనం చేస్తే తర్వాతి నాలుగైదు గంటల్లో సుమారు 80 కేలరీల వేడి అదనంగా పుడుతుందన్నమాట. మనిషి ఊరికే కూర్చున్నా గంటకు దాదాపు అంతే వేడి పుడుతుంది. కాబట్టి ఒక పూట భోజనం అంటే శరీరం మీద మరో గంట వేడి భారం పడినట్టు.

చలికాలంలో ఆ వేడి హాయిగానే ఉంటుంది. గాలి 42 డిగ్రీల మీద ఉన్నప్పుడే ఇబ్బంది. చర్మం వేడి మామూలుగా 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా వేడెక్కితే ఒంట్లోని వేడి బయటికి పోదు సరికదా, బయటి వేడే లోపలికి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. పైన చెప్పిన భోజనం వేడి వదలాలంటే 140 మిల్లీలీటర్ల చెమట అదనంగా ఆవిరవ్వాలి. ఆవిరవ్వాలి అన్నమాట ఇక్కడ ముఖ్యం. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే విశాఖలోనో కాకినాడలోనో 36 డిగ్రీలే ఉన్నా, ఉక్కపోతలో చొక్కా తడిసి అంటుకుపోతున్నప్పుడు, రామగుండం 44 డిగ్రీల్లో ఉన్నంతగానూ అన్నం సయించకుండా పోతుంది.

రక్తం కూడా రెండు వైపులకూ పంచుకోవలసి వస్తుంది. వేడిని బయటికి చేర్చాలంటే చర్మానికి రక్తం ఎక్కువగా వెళ్లాలి. చల్లగా ఉన్నప్పుడు నిమిషానికి అర లీటరు లోపే చర్మంలో ప్రవహించే రక్తం తీవ్రమైన వేడిలో ఆరేడు లీటర్ల దాకా పెరగగలదు. ఆ మేరకు పేగులకు వెళ్లేది తగ్గుతుంది. చెమటలో నీరు పోయి రక్తం పరిమాణం కూడా తగ్గితే జీర్ణకోశం పని మరింత మందగిస్తుంది. అలాంటి సమయంలో కడుపు నిండా తిన్నవాళ్లకు అది చాలాసేపు అక్కడే ఉన్నట్టు బరువుగా, వికారంగా అనిపిస్తుంది.

శరీరానికి ఈ సంగతి ఎవరు చెబుతారు? మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఒంటి వేడిని గమనించే కణాలూ, ఆకలిని నడిపే కణాలూ దాంట్లోనే దగ్గరదగ్గరగా ఉన్నాయి. జంతువులు వెచ్చదనం కోసం తింటాయనీ, ఒళ్లు మరీ వేడెక్కకుండా తినడం ఆపుతాయనీ జాన్ బ్రోబెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1948లో ప్రతిపాదించాడు. ఆకలికి అది ఒక్కటే కారణం కాదని తర్వాత తేలింది కానీ, ఆయన ఊహలోని మూలం నిలిచింది. కడుపు నిండిందని చెప్పే మెదడు కణాల్లో కొన్ని నేరుగా వేడికే స్పందిస్తాయని 2018లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. వాటి మీద కనిపించింది మిరపకాయ కారాన్ని గుర్తించే రకం గ్రాహకమే. మనుషుల్లో ఈ తేడా ఎంత ఉంటుందో అంతకు చాలా ముందే లెక్క తేలింది. వేరువేరు ప్రాంతాల్లో ఉన్న సైనికుల తిండిని పోల్చి 1947లో ప్రచురించిన వివరాల ప్రకారం, ఎడారి వేడిలో ఉన్నవాళ్లు రోజుకు దాదాపు 3,100 కేలరీలు తింటే, ధ్రువ ప్రాంతపు చలిలో ఉన్నవాళ్లు 4,900 దాకా తిన్నారు.

కాబట్టి ఎండాకాలంలో ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక ముద్ద తక్కువ తింటే బతిమాలనక్కర్లేదు. మాంసకృత్తుల్లోని శక్తిలో ఐదో వంతు నుంచి దాదాపు మూడో వంతు దాకా అరిగేటప్పుడే వేడిగా పోతుంది. అందుకే మే మధ్యాహ్నం మాంసం కూర కంటే మజ్జిగన్నం మీదికి మనసు పోవడంలో అర్థం ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఊరుకోకూడదు. తిండి తగ్గినా మధుమేహం మాత్రలో, ఇన్సులినో అంతే మోతాదులో వాడేవాళ్లకు చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. వాళ్లు ఎండలు ముదరకముందే డాక్టరును అడిగి మోతాదు గురించి తెలుసుకోవాలి.

ఇక వానాకాలం. ఈ రోజుల్లో జఠరాగ్ని మందగిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. వాగ్భటుడి అష్టాంగహృదయంలో ఋతుచర్య అధ్యాయం ఉంది. వర్షఋతువులో వాన నీరో, బావి నీరో, కాచిన నీరో తాగమనీ, నది నీటిని విడిచిపెట్టమనీ అందులో ఉంది. కారణం చెప్పిన తీరు మన కాలానికి వేరుగా తోచినా, నది నీరు వద్దన్న ఆ ఒక్క సూచన ఎంత నిశితమైన పరిశీలనో! నేల మీద నెలల తరబడి పేరుకున్న మలం, చెత్త, పశువుల పేడ అన్నీ మొదటి వానలకు కొట్టుకొచ్చి వాగుల్లో, చెరువుల్లో, నదుల్లో కలుస్తాయి. వాటితోపాటు కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాలు, కామెర్లు కలిగించే సూక్ష్మక్రిములూ వస్తాయి.

మాది నది నీరు కాదు, కుళాయి నీరు అనేవాళ్లకు ఒక చిన్న పట్టణంలోని వీధిని చూపించాలి. అక్కడ నీళ్లు పొద్దున గంట, సాయంత్రం గంట వస్తాయి. మిగతా ఇరవై రెండు గంటలు పైపులో ఒత్తిడి ఉండదు. పైపు పక్కనే మురుగుకాలువ, ఎక్కడో ఒకచోట అతుకు వదులై ఉంటుంది. నీళ్లు వచ్చేటప్పుడు ఆ అతుకు నుంచి నీరు బయటికి చిమ్ముతుంది, కాబట్టి మురుగు లోపలికి రాదు. సరఫరా ఆగి పైపు ఖాళీ అవుతున్నప్పుడు చుట్టూ ఉన్నది లోపలికి లాక్కుంటుంది. వేసవిలో చుట్టూ ఉన్నది ఎండిన మట్టి. వానల్లో కాలువ పొంగి, అతుకు చుట్టూ మురుగే నిలిచి ఉంటుంది. దానికి తోడు నీళ్లు చాలడం లేదని ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే, సరఫరా ఉన్న గంటలో కూడా పైపులోకి పీల్పు మొదలవుతుంది. ఆ తప్పు ఒక ఇంటిది, ఫలితం వీధి మొత్తానిది.

నీళ్లలో క్లోరిన్ కలుపుతారు కదా అనిపిస్తుంది. కలుపుతారు. కుళాయి చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం. అయితే బురద కలిసిన నీటిలో ఆ మట్టీ, కుళ్లిన పదార్థమూ క్లోరిన్‌ను ముందే తినేస్తాయి. ట్యాంకు దగ్గర సరిపోయిన మోతాదు వీధి చివరికి వచ్చేసరికి సున్నా కావచ్చు. అందుకే వానాకాలంలో పరీక్ష ట్యాంకు దగ్గర కాకుండా చివరి ఇంటి కుళాయి దగ్గర చేయాలి. సిబ్బంది దగ్గర ఉండే క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. రంగు రాలేదంటే ఆ నీళ్లు తేటగా కనిపించినా నమ్మకూడదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు కూడా అందరూ చూసింది తాగునీటి వైపే.

ఇంట్లో చేయగలిగింది సులభమే. నీళ్లు తెర్లి మరిగాక ఒక నిమిషం అలాగే ఉంచి దించాలి. గోరువెచ్చగా చేస్తే ఫలితం లేదు. ఆ తర్వాత జరిగే పొరపాటే ఎక్కువ: కాచిన నీళ్లను బిందెలో పోసి, అందులో చేయి ముంచి చెంబుతో తీస్తారు. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా పదుల సంఖ్యలో లోపలికి వెళ్లినా చాలు. కుళాయి ఉన్న పాత్రో, పొడుగు కాడ గరిటో వాడితే ఆ దారి మూసుకుపోతుంది.

కడుపులోని ఆమ్లం చాలా క్రిములను చంపుతుంది. అందుకే కలరా క్రిములు చాలా పెద్ద సంఖ్యలో వెళ్తే తప్ప ఆరోగ్యవంతుడికి జబ్బు చేయలేవు. అయితే గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకు ఆ ఆమ్లం తగ్గి ఉంటుంది కాబట్టి, తక్కువ క్రిములతోనే ప్రమాదం.

విరేచనాలు మొదలైతే పోయేది నీరూ ఉప్పూ. ఉప్పు, గ్లూకోజు కలిసి ఉంటే పేగు గోడ రెండింటినీ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వస్తుంది. జబ్బు తీవ్రంగా ఉన్నా ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇదే ద్రావణాన్ని డబ్బాల్లో కలిపి తాగించారు. మరణాలు ఎన్నో రెట్లు తగ్గాయి. లీటరుకని రాసిన ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో చిక్కగా కలిపితే విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో ఉప్పు కూడా ఎక్కువవుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి వేయాలి. తల్లిపాలు ఆపకూడదు, అన్నం మాన్పించకూడదు. కళ్లు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, గిల్లిన చర్మం నెమ్మదిగా సర్దుకున్నా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోకూడదు.

జూలైలో తాగిన చెడ్డ నీళ్ల ఫలితం కొన్నిసార్లు ఆగస్టులోనో సెప్టెంబరులోనో బయటపడుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ఒంట్లో చేరాక జబ్బు కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. దాని మొదటి గుర్తు విరేచనాలు కాదు. అన్నం వాసన కూడా పడకపోవడం, వికారం, నీరసం. కళ్లు పచ్చబడేది ఆ తర్వాత కొన్ని రోజులకు, అంతకుముందే మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. టైఫాయిడ్‌లోనూ విడవని జ్వరంతోపాటు ఆకలి పోతుంది. మే నెలలో ‘సయించడం లేదు’ అన్నవాళ్లకు సాయంత్రం గాలి చల్లబడ్డాక ఆకలి వేస్తుంది. వానల్లో రెండు మూడు రోజులు ఏ పూటా ఆకలి లేకపోతే వాతావరణం అని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. ఆ మనిషి గర్భిణి అయితే, ముఖ్యంగా ఏడో నెల దాటితే, పసరు కోసం తిరుగుతూ ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు. హెపటైటిస్ ఇ మామూలుగా దానంతట అదే తగ్గిపోయే జబ్బే అయినా, ఆ నెలల్లో సోకిన గర్భిణుల్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం తీసేంత తీవ్రంగా మారగలదు.