బిల్లులో ఆగిపోయే లక్ష

కాంట్రాక్టరుకు డబ్బు పని అంతా అయ్యాక కాదు, అయినంత మేరకు అందుతుంది. ఇంజనీరు కొలతలు తీసి ఎం-బుక్‌లో రాస్తే, దాని మీద ఆర్‌ఏ బిల్లు తయారవుతుంది. ప్రతి బిల్లులోంచి కొంత శాతం రిటెన్షన్‌గా పట్టి ఉంచుతారు. రేపు స్లాబు కారితే బాగుచేయించడానికి యజమాని చేతిలో ఉండే పట్టు అది.

80 లక్షల కల్యాణమండపం, 5 శాతం రిటెన్షన్ అనుకుందాం. మొదటి బిల్లుకు 20 లక్షల పని అయింది. లక్ష ఆపి 19 లక్షలు ఇచ్చారు. రెండో బిల్లులో కొత్త పని మాత్రమే రాయరు. మొదటినుంచీ అయిన మొత్తం, అంటే 45 లక్షలు చూపిస్తారు. రిటెన్షన్ 2.25 లక్షలు తీస్తే 42.75. పాత చెల్లింపు 19 పోగా చేతికొచ్చేది 23.75 లక్షలు.

తప్పు జరిగేది ఇక్కడే. కొత్త పని 25 లక్షల్లోంచి 2.25 తీసేస్తే, మొదటి లక్ష రెండోసారి కోతపడుతుంది. ఏ బిల్లు దగ్గరైనా, అప్పటిదాకా ఆపిన మొత్తం అప్పటిదాకా అయిన పనిలో సరిగ్గా 5 శాతం ఉండాలి. ఎక్కువుంటే అడగాల్సిందే.

ఇంకో చిక్కు, జీఎస్టీ మామూలుగా చేతికొచ్చిన డబ్బు మీద కాదు, బిల్లు పూర్తి విలువ మీద పడుతుంది. చిన్న కాంట్రాక్టర్లను ఇదే ఎక్కువ నలిపేస్తుంది. ఆపిన సొమ్ము సాధారణంగా లోపాల బాధ్యత గడువు తీరాకే పూర్తిగా విడుదలవుతుంది. ఒప్పందం ఒప్పుకుంటే బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ముందే తీసుకోవచ్చు.